మణికట్టు నరాల రంగు చూసి చీరలు వాపసు చేయకండి

"మణికట్టు దగ్గర నరాలు నీలంగా ఉంటే మీది కూల్ టోన్, ఆకుపచ్చగా ఉంటే వామ్ టోన్. కూల్ టోన్ వాళ్లు పసుపు, నారింజ జోలికి పోవద్దు. వామ్ టోన్ వాళ్లు నీలం, గులాబీ మానేయాలి. వెండి నప్పితే కూల్, బంగారం నప్పితే వామ్. తెల్ల కాగితం పక్కన ముఖం పెట్టి చూసుకోండి. చామనఛాయ వాళ్లందరిదీ వామ్ టోనే, వాళ్లు లేత రంగులు కట్టకూడదు, ఇంకా నల్లగా కనిపిస్తారు. మీ గ్రూపులో ఉన్న ఆడవాళ్లందరికీ పంపండి."

గత నెల రోజుల్లో ఈ సందేశం నాకు 11 సార్లు వచ్చింది. పంపినవారిలో మా వదిన ఉంది, నాతో డిగ్రీ చదివిన స్నేహితురాళ్లు ఉన్నారు, నా దగ్గరే జాకెట్టు ముక్కలు కొనేవాళ్లూ ఉన్నారు. హనుమకొండలో 22 ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నదాన్ని కాబట్టి ఇలాంటివి చదివి పక్కన పెట్టేయడం నాకు అలవాటే. అయితే మా మేనకోడలు తన పెళ్లికని ఇష్టపడి కొనుక్కున్న మస్టర్డ్ పసుపు పట్టుచీరను సంచిలో పెట్టుకొని దుకాణానికి వచ్చి, "అత్తమ్మా, నాది కూల్ టోనట, పసుపు నాకు పనికిరాదట, ఇది వాపస్ ఇచ్చేద్దాం" అన్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

ఒంటి రంగులో పసుపు పాలు ఎక్కువైతే వామ్ టోన్ అనీ, ఎరుపు, నీలం పాలు ఎక్కువైతే కూల్ టోన్ అనీ అంటారు. ముందుగా నరాల పరీక్ష సంగతి. మనం నరాలని పిలిచే ఆ సిరల్లో పారేది ముదురు ఎరుపు రక్తమే. అది ఎవరి చేతిలోనూ నీలంగా గానీ పచ్చగా గానీ ఉండదు. చర్మం మీద పడిన వెలుగులో నీలం భాగం పైపొరల నుంచే తిరిగి వచ్చేస్తుంది, ఎరుపు భాగం లోతుకు వెళ్తుంది. ఆ లోతులో సిర ఉంటే ఎరుపులో కొంత అక్కడ ఆగిపోతుంది. అందువల్ల సిర ఉన్న గీతలో చుట్టుపక్కల చర్మం కంటే ఎరుపు తగ్గుతుంది, ఆ తగ్గుదలను మన కన్ను నీలమని చదువుకుంటుంది. ఆ నీలం ఎంత కనిపిస్తుందన్నది సిర ఎంత లోతులో ఉంది, ఎంత లావుగా ఉంది, పైనున్న చర్మంలో మెలనిన్ ఎంత ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. పైచర్మపు పసుపుదనం కూడా అందులో కలుస్తుంది కాబట్టి ఈ పరీక్ష పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. కానీ అన్ని కారణాలు కలిసిన ఒక గీతను చూసి ఒక్క కారణాన్ని విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. మా మేనకోడలి ఎడమ చేతినే తీసుకుంటే, దుకాణం మెట్ల మీది నీడలో బొటనవేలి వైపున్న సిర పచ్చగా, మధ్యనున్నది నీలంగా కనిపించాయి. లోపలికి వచ్చి పసుపుపచ్చ బల్బు కింద చూస్తే రెండూ ఆకుపచ్చగా మారాయి. ఈ లెక్కన ఆ పిల్ల మెట్ల మీద రెండు టోన్ల మనిషి, గల్లాపెట్టె దగ్గర ఒక్క టోన్ మనిషి కావాలి. రంగు బాగా ముదిరిన చేతుల మీద సిరల రంగు చాలాసార్లు తెలియనే తెలియదు. అలాంటి చేతులున్న లక్షలాది మందికి ఈ పరీక్షలో చోటే లేదు.

బంగారం, వెండి సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి ముక్కుపుడక, పుస్తెలతాడు బంగారంలోనే చూస్తూ పెరిగిన కన్ను బంగారమే నప్పిందని చెబుతుంది, అది అలవాటు చెప్పే మాట. తెల్ల కాగితం పక్కన పెడితే ఏ ముఖమైనా పసుపుగానో గోధుమగానో తోస్తుంది, ఎందుకంటే పోలిక కాగితంతో జరుగుతోంది.

పసుపు, నారింజ వద్దన్న మాట దగ్గర మాత్రం కొంత ఆగాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని నేను ఒప్పుకోవాలి. బట్ట రంగు ముఖం రంగును మారుస్తుంది. అయితే ఆ మార్పు రెండు దారుల్లో వస్తుంది, ఆ రెండు దారులూ ఒకదానికొకటి ఎదురు. మొదటిది ప్రతిఫలనం: వెలుగు బట్ట మీద పడి, ఆ రంగును మోసుకొని గడ్డం కిందికీ మెడకూ చేరుతుంది, పసుపు బట్ట అయితే అక్కడ పసుపు కలుస్తుంది. రెండోది పక్కపక్క రంగుల ప్రభావం: ఒక రంగు పక్కన ఉన్న మరో రంగును కన్ను ఎదురు దిక్కుకు జరిపి చూస్తుంది, పసుపు పక్కన ఉన్న చర్మం కాస్త ఊదా వైపుకు జరిగినట్టు తోస్తుంది. ఫ్రాన్సులో గోబెలిన్ నేతశాల అద్దకపు విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరికి, నల్లనూలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరిశీలిస్తే తప్పు అద్దకంలో లేదు, ఆ నలుపు పక్కన నేసిన రంగుల్లో ఉంది. ఆ సంగతి మీద ఆయన 1839లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు, అందులో దుస్తులు, ఒంటి రంగు గురించి కూడా రాశాడు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. ఒకే ఎరుపు నూలు, పక్కన నలుపు పట్టీ పడితే ఒకలా, పసుపు పట్టీ పడితే ఇంకోలా కనిపిస్తుంది.

ఈ రెండింటిలో ఏది గెలుస్తుందన్నది ఒంటి టోన్ ఒక్కటే తేల్చలేదు. ఎండ నేరుగా పడుతూ, బట్ట లేతగా, పెద్దగా, మెడకు దగ్గరగా ఉంటే ప్రతిఫలనం గెలుస్తుంది. వెలుగు నలువైపుల నుంచీ మెత్తగా వస్తూ, బట్ట ముదురుగా ఉంటే అది వెనక్కు పంపే వెలుగే తక్కువ కాబట్టి రెండోది పైచేయి అవుతుంది. దీన్ని మా మేనకోడలికి చూపించడానికి అర మీటరు చొప్పున నాలుగు రూబియా జాకెట్టు ముక్కలు తీశాను: నిమ్మపండు పసుపు, మస్టర్డ్, రాణి గులాబీ, వంకాయ రంగు. ఉదయం 11 గంటలకు ఎండలో నిలబెట్టి నిమ్మపసుపు ముక్కను మెడ కింద పరిస్తే దవడ కింద స్పష్టంగా పసుపు పడింది, జ్వరం తగ్గి లేచిన మనిషిలా కనిపించింది. అదే ముక్కతో నీడలోకి జరిగేసరికి ఆ పసుపు చాలావరకు పోయింది. మస్టర్డ్ ఎండలో కూడా సగమే పడింది, నీడలో ఏమీ లేదు. వంకాయ రంగు ఎక్కడా ఏమీ చేయలేదు. రాణి గులాబీ బుగ్గలకు కాస్త వెచ్చదనం ఇచ్చింది గానీ పెదవుల ఎరుపును తినేసింది. "పసుపు నప్పదు" అన్న ఒక్క మాట కింద ఇన్ని వేర్వేరు సంగతులను తోసేసి, ఫలానా నరం ఉన్నవాళ్లకు ఫలానా రంగు నిషేధమని తీర్పు చెప్పడం బాధ్యత లేని పని.

సందేశంతో పాటు తిరుగుతున్న రెండు ఫోటోలను కూడా నమ్మకండి. ఫోను కెమెరా తెలుపును తనంతట తాను సరిచేసుకుంటుంది. తెరనిండా పసుపు చీర ఉంటే వెలుగే పసుపు అనుకొని మొత్తం బొమ్మను నీలం వైపుకు లాగుతుంది, ముఖం పాలిపోతుంది. ఆ పాలిపోవడం కెమెరా చేసిన పని.

ఇక సందేశంలోని చివరి మాట, చామనఛాయ వాళ్లందరిదీ వామ్ టోనే అన్నది. నన్ను ఎక్కువగా కోపానికి గురిచేసింది ఇదే. చామనఛాయ అంటే చర్మం ఎంత ముదురు అన్న సంగతి. టోన్ అంటే అదే ముదురుదనంలో ఎరుపు పాలు ఎక్కువా, పసుపు పాలు ఎక్కువా అన్న సంగతి. రెండూ వేర్వేరు కొలతలు. ఒకే ఇంట్లో ఒకే ఛాయ ఉన్న అక్కాచెల్లెళ్లలో ఒకరు ఎర్రచామన, ఒకరు పసుపు కలిసిన చామన కావడం మన ఇళ్లలో ఎవరు చూడలేదు? అందరినీ ఒకే గదిలోకి తోయడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం. మనుషులను నాలుగు ఋతువులుగా విడగొట్టి రంగులు చెప్పే ఈ పద్ధతి 1980లలో అమెరికాలో బాగా వ్యాపించింది. జుట్టు బంగారు రంగు నుంచి నలుపు దాకా, కళ్లు నీలం నుంచి గోధుమ దాకా మారే జనం కోసం అది తయారైంది, చర్మంతో పాటు జుట్టు, కళ్లు కూడా అందులో లెక్క. జుట్టూ కళ్లూ నల్లగానే ఉండే ఆసియా, ఆఫ్రికా మూలాల వారిని మొదట్లో చాలావరకు కూల్ టోన్ కిందికి వచ్చే 'శీతకాలం' అనే ఒక్క పేరు కింద పెట్టేశారు. ఆనాడు మనల్ని చలిలో కూర్చోబెట్టిన పద్ధతి మాటలే వాడుకొని ఈ సందేశం ఈనాడు మనందరినీ వామ్ అంటోంది.

లేత బట్ట పక్కన ముఖం ఒక మెట్టు ముదురుగా తోస్తుందన్నది నిజమే, అదీ పక్కపక్క రంగుల ప్రభావమే. ఫోటోలో అయితే తెల్లచీరను చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది కాబట్టి మరింత ముదురుగా వస్తుంది, తెర మీద ముఖాన్ని వేలితో తాకితే అది సర్దుకుంటుంది. కానీ ముదురుగా కనిపించడమూ బాగుండకపోవడమూ ఒకటేనని ఎవరు నిర్ణయించారు? గంధం రంగు నేతచీర, ఉల్లిపొర రంగు చీర చామనఛాయ మీద ఎంత స్పష్టంగా తేలి కనిపిస్తాయో నా దుకాణంలో రోజూ చూస్తున్నాను, ఆ తేటదనం తెల్లటి ఒంటి మీద రాదు. ఈ నియమం రంగుల పొందిక గురించి చెప్పడం లేదు. తెల్లగా కనిపించడమే గమ్యమని ముందే తేల్చుకొని, ఆ గమ్యానికి అడ్డొచ్చే రంగులను మన పిల్లల చేతుల్లోంచి లాక్కుంటోంది. ఇంటర్ చదివే పిల్ల ఒకతి మొన్న లేత ఆకాశనీలం ముక్కను చేతిలోకి తీసుకొని, వాళ్ల అమ్మ ముఖం చూసి, మాట్లాడకుండా తిరిగి పెట్టేసింది. సందేశం పంపిన ప్రతి ఒక్కరూ ఆ పిల్లకు జవాబు చెప్పాలి.

మా మేనకోడలి చీర సంగతి చెప్పి ముగిస్తాను. చీర కట్టినప్పుడు ముఖానికి దగ్గరగా ఉండేది చీర ఒళ్లు కాదు, జాకెట్టు మెడ, భుజం మీది కొంగు అంచు. ఆ చీరకు అంచు లక్కరంగు, జతగా వచ్చిన జాకెట్టు ముక్క మాత్రం చీర పసుపే. పెళ్లి ఉదయం 10 గంటల ముహూర్తం, మంటపం ఆరుబయట, కాబట్టి పసుపు పడే అవకాశం నిజంగానే ఉంది. ఆ ముక్కను పక్కన పెట్టి, అంచుకు సరిపోయే లక్కరంగు పట్టు ముక్కను ట్యూబులైటు కింద ఎంచి, దుకాణం బయటికి తెచ్చి మళ్లీ చూశాం. లోపల ఒకటిగా కనిపించిన రెండు లక్కరంగుల్లో ఒకటి బయట ఇటుక రంగుకు తిరిగింది, దాన్ని వదిలేశాం. మిగిలినదానితో మెడ కాస్త పైకి పెట్టి కుట్టమని టైలరుకు ఇచ్చాం. చీర వాపసు పోలేదు.