ఒక్క కాగితం లేక లాడ్జిలో వారం

ఊళ్ళోంచి సిటీలో పెద్దాసుపత్రికి పోయే ఫ్యామిలీకి డబ్బులు ఎక్కడ కరిగిపోతాయి అంటే అందరూ ట్రీట్‌మెంట్ కే అంటారు, కానీ గదిలో ఊరికే కూర్చున్న రోజులకి పోయేది కూడా తక్కువేం కాదు. ఆ రోజులు చాలావరకు కాగితాల వల్ల వస్తాయి. ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో ఇంటి దగ్గర ఉన్నప్పుడే చెప్పే మనిషి ఉండడు. ఈ తప్పు ఊరోళ్ళ మీద వేయడానికి మేం ఒప్పుకోం, పంపించే ఆసుపత్రీ చేర్చుకునే ఆసుపత్రీ రెండూ పంచుకోవాల్సిందే.

ఒక కేసు అనుకుందాం. రొమ్ములో గడ్డ ఉందని ఒకావిడ దగ్గర్లో టౌన్‌లో బయాప్సీ చేయించుకుంది, కేన్సర్ అని రిపోర్టు వచ్చింది, డాక్టరు సిటీకి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు. ఆవిడ, భర్త, కూతురు రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి లైన్లో నిలబడి ఓపీ కార్డు చేయించుకుని మధ్యాహ్నానికి డాక్టర్ ముందు కూర్చుంటే ఆయన అడిగేది స్లైడ్లు, బ్లాకు ఏవీ అని. వీళ్ళ దగ్గర ఉన్నది రిపోర్టు ఒక్కటే. బ్లాకు అంటే గడ్డలోంచి తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచిన చిన్న దిమ్మ, స్లైడు అంటే అందులోంచి కోసి గాజు మీద అతికించిన పల్చటి పొర. పెద్దాసుపత్రిలో పాథాలజిస్టు వాటిని తన కళ్ళతో మళ్ళీ చూడాలంటాడు, హార్మోన్ రిసెప్టర్, హెర్2 టెస్టులు కూడా ఆ బ్లాకు మీదే చేయాలి, అవి తేలకుండా ఏ మందు పెట్టాలో డిసైడ్ కాదు. బ్లాకేమో టౌన్ ల్యాబ్‌లో బీరువాలో ఉంది.

ఇక భర్త వెనక్కి బస్సెక్కాలి, తల్లీకూతుళ్ళు లాడ్జిలో ఉండాలి. ల్యాబ్‌లో ఇచ్చే మనిషి ఆరోజు లేకపోతే ఇంకో రోజు పోయింది. తీరా తెచ్చాక కార్డులో లక్ష్మమ్మ, స్లైడ్ లేబుల్ మీద లక్ష్మి అని ఉంటే కౌంటర్లో ఆపేస్తారు. ఆపడం కరెక్టే, ఒకరి ముక్క చూసి ఇంకొకరికి మందు పెడితే ఎలా? కానీ ఇద్దరూ ఒకటే అని ల్యాబ్ వాళ్ళు లెటర్ రాసి స్టాంపు వేసిస్తే అయిపోయే పని ఇది, ఆ మాట బ్లాకు ఇచ్చేటప్పుడే చెప్తే మూడో ప్రయాణం తప్పుతుంది. ఆ తర్వాత టెస్టు రిజల్ట్‌కి ఇంకొన్ని రోజులు ఎటూ తప్పదు. స్కాన్ సంగతీ అంతే, ఫిల్మ్ మాత్రమే కాక సీడీ కూడా అడిగి తీసుకోకపోతే మళ్ళీ తీయించుకోమంటారు.

గది విషయంలో ఇంకో చిక్కుంది. ఆసుపత్రుల దగ్గర తక్కువకి దొరికే సత్రాలు చాలావాటికి ఫైల్ నంబరు, డాక్టర్ లెటర్ కావాలి, అవి ఓపీ చూపించుకుంటే గానీ రావు, అంటే మొదటి రాత్రికి మాత్రం ఏదీ లేనట్టే. బస్టాండ్‌లో బ్రోకర్ చేతికి చిక్కేది ఆ రాత్రే. సత్రాల లిస్టు, లెటర్ రాయించే పని సాధారణంగా ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్ దగ్గర ఉంటాయి, కానీ ఆ సోషల్ వర్కర్ కూర్చునే గది ఏ బిల్డింగ్‌లో ఏ ఫ్లోర్‌లో ఉందో గేటు దగ్గర బోర్డు పెట్టినవాళ్ళు ఎంతమంది? సెక్యూరిటీని అడిగితే ఎంక్వైరీ అంటాడు, ఎంక్వైరీలో అడిగితే లైన్లో రమ్మంటారు.

నెల అద్దె అడ్వాన్స్ కట్టేయడం కూడా తొందరే. కీమో చాలాసార్లు మూడు వారాలకోసారి ఉంటుంది, మధ్యలో ఊరికి పోయి రావచ్చు. రేడియేషన్ అలా కాదు, వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు, అప్పుడే నిజంగా గది కావాలి. అయితే కీమో అయిన వారం, రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ఆ టైములో జ్వరం 38 డిగ్రీలు దాటితే (మన లెక్కలో 100.4) తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, కాబట్టి ఊరు మరీ దూరమైతే ఆ రోజులకైనా దగ్గర్లో ఉండటం మంచిది, అదీ గుంపుగా పడుకునే హాల్లో కాకుండా. ఈ లెక్క అంతా డాక్టరుకి తెలుసు, గది వెతికే భర్తకి తెలీదు.

మేం అడిగేది పెద్ద బిల్డింగులేం కాదు. రిఫరల్ చీటీ వెనక పేజీలో స్లైడ్లు, బ్లాకు, స్కాన్ సీడీ, గుర్తింపు కార్డు, స్కీమ్ కార్డు ఉంటే అదీ, అన్నిటి మీదా ఒకే పేరు అని ప్రింట్ చేయండి, చీటీ రాసే డాక్టరే టిక్ పెట్టి పంపాలి. పెద్దాసుపత్రి తన ఫోన్ నంబరు, ఏ గేటు నుంచి రావాలో అదే చీటీ మీద వేయించాలి, ఒకే పేరుతో రెండు బ్రాంచీలుంటే ఏదో స్పష్టంగా రాయాలి. ఇక ఫైల్ నంబర్‌ని ఫోన్‌లోనే ఇచ్చి, మొదటి రాత్రికి సత్రంలో అది చూపిస్తే సరిపోయేలా చేయడానికి అడ్డమేంటో ఆసుపత్రుల మేనేజ్‌మెంట్లే చెప్పాలి.