937వ రోజున ఉక్కు ఫ్యాక్టరీని గట్టెక్కించబోయే మా తోడల్లుడు

విశాఖ ఉక్కును ఆదుకోవడానికి కేంద్రం 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. దాని వెనక ఎన్ని ధర్నాలు, ఎన్ని దీక్షలు ఉన్నాయో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. అంతా అనవసరపు శ్రమ. అదే ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరై గాజువాకలో ఉంటున్న మా తోడల్లుణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆయన ఫోన్‌లో క్లౌడ్ మైనింగ్ యాప్ ఒకటి ఉంది. ఎక్కడో మంచుదేశంలో మిషన్లు బిట్‌కాయిన్లు తవ్వుతుంటాయట, వాటిలో మన వాటా మనకు పడుతుందట. రోజుకు ఒకటిన్నర శాతం. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు, తుపాను హెచ్చరిక లేదు. ఏ రోజుకు ఆ రోజు వచ్చింది తియ్యకుండా అందులోనే వేసుకుంటూ పోతే లక్ష రూపాయలు 47 రోజుల్లో రెండు లక్షలు. ఏడాదికి రెండు కోట్ల 29 లక్షలు. 937వ రోజుకి 11,440 కోట్లు. ఢిల్లీ వెళ్లే పనే లేదు. ఆర్థిక శాఖ ఈ లెక్క ఎందుకు వెయ్యలేదో నాకు అర్థం కాదు.

లెక్క మొదలుపెట్టాక మధ్యలో ఆపడం నావల్ల కాదు. ఇంకో రెండు నెలలు ముందుకెళ్లాను. అక్కడ చిన్న చిక్కొచ్చింది.

బిట్‌కాయిన్ తవ్వకానికి ఒక హద్దుంది. సుమారు పది నిమిషాలకొకసారి బ్లాక్, అంటే లావాదేవీల పద్దులో కొత్త పేజీ, పుడుతుంది, దాని లెక్కను ముందుగా సాధించినవాడికి 3.125 బిట్‌కాయిన్లు వస్తాయి. రోజుకు 144 బ్లాకులు, అంటే 450 బిట్‌కాయిన్లు. ఫీజుల చిల్లర పక్కన పెడితే, ప్రపంచం మొత్తానికీ అంతే. మిషన్లు ఎక్కువైతే కాయిన్లు ఎక్కువ రావు, ప్రతి 2,016 బ్లాకులకోసారి, అంటే రెండు వారాలకోసారి, మిషన్లు సాధించాల్సిన ఆ లెక్క కష్టమైపోయి మళ్లీ పది నిమిషాలకొక బ్లాక్ దగ్గరికే వస్తుంది. వేటకు పడవలు పెరిగాయని సముద్రంలో చేప పెరగదని మన హార్బర్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు. ఒక బిట్‌కాయిన్ 90 లక్షలనుకుందాం. ప్రపంచంలో మైనింగ్ చేసేవాళ్లందరి రోజు సంపాదన 405 కోట్లు. నేను అన్నయ్యా అని పిలిచే ఈ తోడల్లుడి లక్ష రూపాయల మీద ఒకటిన్నర శాతం 995వ రోజుకి ఆ 405 కోట్లు దాటేస్తుంది. ఆ రోజు భూమ్మీద పుట్టిన ప్రతి బిట్‌కాయినూ గాజువాక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి రావాలి. అదే యాప్‌లో ఉన్న పక్క ఫ్లాటాయన సంగతేంటి? ఆయనా లక్షే వేశాడు మరి.

"అన్ని రోజులు ఎవడుంచుతాడు తమ్ముడూ, ఏ నెలకానెల తీసేసుకుంటాం కదా" అన్నాడు అన్నయ్య. న్యాయమైన మాటే. అందుకని ఒక్క మిషన్‌నే తీసుకుని చూద్దామన్నాను. మిషన్ల మీద బతికినాయన కదా, కాదనలేదు.

మంచి మైనింగ్ మిషన్ ఒకటి 200 టెరాహాష్‌ల వేగంతో నడుస్తుంది, 3,500 వాట్లు లాగుతుంది. టెరాహాష్ అంటే ఆ లెక్క మీద సెకనుకు లక్ష కోట్ల ప్రయత్నాలు, ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్‌లు. ప్రపంచం మొత్తం వేగం 900 ఎక్సాహాష్‌లు అనుకుంటే, మన మిషన్ వాటా 45 లక్షల్లో ఒకటి. రోజూ పుట్టే 450 కాయిన్లలో ఆ వాటా అంటే ఒక కాయిన్‌లో పదివేలో వంతు. 900 రూపాయలు. కరెంటు రోజుకు 84 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 588. మిగిలేది 312. అందులోంచే షెడ్డు అద్దె, ఫ్యాన్లు, కాపలా. మిషన్ ఖరీదు మూడు లక్షలనుకుందాం. ఇప్పుడు యాప్ లెక్క ప్రకారం ఆ మూడు లక్షల మీద రోజుకు ఒకటిన్నర శాతం ఎంత? 4,500.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. 900 తవ్వే మిషన్ మీద, కరెంటు బిల్లు కట్టి, 4,500 పంచే యాజమాన్యం అంటే సామాన్యమా! ఉక్కు ఫ్యాక్టరీలో టన్ను ఖనిజం పోసి ఐదు టన్నుల స్టీలు తీసినట్టే. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ షిఫ్టులోనూ అది జరగలేదట.

పైగా అది ఎప్పుడూ ఒకటిన్నరే. అసలు మైనింగ్‌లో మారనిది ఏదీ లేదు. 2024 ఏప్రిల్‌లో బ్లాక్ బహుమతి 6.25 నుంచి 3.125కి ఒక్క క్షణంలో సగమైంది. ఇలాంటి యాప్‌లో మాత్రం అంకె కదలదు. కదలని అంకె మిషన్‌లోంచి వచ్చింది కాదు, ఎవరో కూర్చుని టైప్ చేసింది.

నేను ఇదంతా చెప్పిన వారానికి యాప్‌లో కొత్త బటన్ వచ్చింది. 'ఈథీరియం స్టేకింగ్, రోజుకు 1.5 శాతం.' ఈథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ 2022 సెప్టెంబరులో మైనింగ్ మానేసి, కాయిన్లు పూచీగా పెట్టినవాళ్లకి రాబడినిచ్చే స్టేకింగ్‌కి మారిన మాట నిజమే. అయితే దాని అసలు రాబడి సుమారు మూడు శాతం. ఏడాదికి. అంటే నెట్‌వర్క్ ఏడాదంతా కష్టపడి ఇచ్చేది వీళ్లు రెండు రోజుల్లో ఇచ్చేస్తున్నారు. ఇంత దాతృత్వం సింహాచలం అన్నదానంలో కూడా చూడలేదు.

"మరి నాకు డబ్బులొచ్చాయి కదా" అన్నాడాయన. వచ్చాయి. మొదటి నెలలో 40 డాలర్లు, యూఎస్‌డీటీ అనే డాలరు విలువ కాయిన్ల రూపంలో, తీశాడు, రెండు నిమిషాల్లో పడ్డాయి, ఆ ధైర్యంతోనే తిరిగి వేశాడు. ఆ 40 ఎక్కడినుంచి వచ్చాయో చూద్దామని బాల్కనీలో కూర్చుని ట్రాన్‌స్కాన్ తెరిచాం. ఆ కాయిన్లు వచ్చిన ట్రాన్ నెట్‌వర్క్‌లో ఏ అడ్రస్‌కి ఎంత వచ్చిందో, ఎక్కడికి పోయిందో ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. తవ్విన బిట్‌కాయిన్లు అమ్మి పంచుతున్నారనుకుంటే, పంచే అడ్రస్‌లోకి ఏదో ఒక ఎక్స్ఛేంజ్ నుంచి పెద్ద మొత్తాలు రావాలి. అక్కడ వచ్చినవి 100, 200, 500, మళ్లీ 100. అన్నీ గుండ్రటి అంకెలు, వేరువేరు అడ్రస్‌ల నుంచి. కిందికి జరుపుతూ పోతే ఒక తేదీ దగ్గర అన్నయ్య వేలు ఆగింది. ఆయన వేసిన డబ్బు వచ్చిన గంటలోపే 40, 60, 25గా విడిపోయి ఎవరెవరికో వెళ్లింది. ఆ పూట ఎవరి ఫోన్‌లోనో ఈయన పీఎఫ్ డబ్బు 'మైనింగ్ ఆదాయం' అని మెరిసుంటుంది.

ఇప్పుడు విత్‌డ్రా నొక్కితే 'ముందుగా 20 శాతం పన్ను చెల్లించండి' అని వస్తోంది. మన దేశంలో క్రిప్టో లాభం మీద పన్ను 30 శాతం, అది కట్టేది ఆదాయపు పన్ను శాఖకి, టీ అక్షరంతో మొదలయ్యే వాలెట్ అడ్రస్‌కి కాదు. వీళ్లేమో పది శాతం రాయితీ కూడా ఇచ్చారు. అది కట్టకముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఫిర్యాదు నంబరిచ్చారు.

అయినా మొన్న ఆదివారం భోజనాల దగ్గర ఆయన అలవాటుగా ఫోన్ తీశాడు. 150వ రోజు, తొమ్మిది లక్షల చిల్లర చూపిస్తోంది. పప్పు వడ్డిస్తున్న వదిన ఒక్కసారి స్క్రీన్ వైపు చూసింది.

"రేపు గ్యాసాయన వస్తాడు. అందులోంచి ఒక్క సిలిండర్ డబ్బులు తియ్యండి, చూద్దాం."