ఇరువైపులా అయినవాళ్లే అయినప్పుడు పెద్దమనిషిగా కూర్చోకపోవడం

కృష్ణా డెల్టాలోని మా అమ్మ పుట్టినూరిలో 3 ఎకరాల 60 సెంట్ల మాగాణి గురించి మా పెద్ద మేనమామ కొడుక్కీ, చిన్న మేనమామకీ రెండేళ్ల కిందట మాటలు నిలిచిపోయాయి. మా తాతగారు 1994లో ఆ పొలాన్ని ఇద్దరు కొడుకులకూ చెరో ఎకరం 80 సెంట్లు చేసి పంచారు. రోడ్డు వైపున్న తూర్పు చెక్క పెద్దింటికి, లోపలి పడమటి చెక్క చిన్నింటికి వచ్చాయి. పాస్‌పుస్తకాల దగ్గర మాత్రం ఎవరూ శ్రద్ధ పెట్టలేదు. రీసర్వే వచ్చినప్పుడు రికార్డులో విభజన కనిపించనందువల్ల రెండు చెక్కలనూ కలిపి, రీసర్వేలో ఒక్కో కమతానికి ఇచ్చే ఎల్‌పీఎం నంబరు ఒకటే జాయింటుగా వేసి చూపించారు. దాన్ని విడగొట్టించుకోవాలంటే ఇద్దరూ కలిసి సంతకాలు చేయాలి. ముప్పై ఏళ్లుగా ఎవరి చెక్క వాళ్లు చేసుకుంటున్నవారు మళ్లీ ఒక కాగితం ముందు కూర్చోవలసి వచ్చేసరికి, లోపల ఉండిపోయిన మాటలన్నీ బయటికొచ్చాయి. రోడ్డు వైపు ధర నాలుగింతలైంది కాబట్టి పంపకం సమం కాదని చిన్న మామయ్య అన్నారు. తాతగారు పంచిందే పంపకమని మా బావ అన్నాడు. ఈ మాటల మధ్యలో పడమటి చెక్కకు వెళ్లే దారి సంగతి లేచింది. ఎడ్లబండి నడిచిన ఎనిమిది అడుగుల గట్టు వరికోత యంత్రానికి చాలదు.

ఆ సంక్రాంతికి ఇద్దరూ విడివిడిగా నన్నే పెద్దమనిషిగా కూర్చోమన్నారు. నేను కూర్చోనన్నాను. ఆ నిర్ణయం ఎందుకు సరైనదని నమ్ముతున్నానో, దాన్ని సరిగ్గా అమలు చేయడానికి ఎంత జాగ్రత్త అవసరమో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇరువర్గాలకూ దగ్గరివాడిని ఎందుకు పిలుస్తారన్నది మొదట చూడాలి. అతను ఎవరి పక్షమూ కాదని పిలుస్తారని అనుకుంటాం. నా అనుభవంలో ప్రతి వర్గమూ అతను లోలోపల తమవాడేనన్న నమ్మకంతోనే పిలుస్తుంది. చిన్న మామయ్య నాతో అన్న మొదటి మాట, "అల్లుడూ, నువ్వు చెబితే వాడు వింటాడు." మా బావ ఫోన్లో అన్నదీ అదే, "బావా, బాబాయికి నువ్వంటే ప్రాణం, నువ్వు ఒక్కమాట చెప్పు." ఇద్దరికీ నానుంచి కావలసింది తీర్పు కాదు. అవతలివారి మీద నాకున్న చనువును తమ కోసం ఖర్చు పెట్టమని అడిగారు. అలా కూర్చున్న మనిషి ఏ ఒక్క అంశంలో ఒకరికి వ్యతిరేకంగా మాట్లాడినా, విన్నవారికి అది అభిప్రాయంగా వినిపించదు, ద్రోహంగా వినిపిస్తుంది. ఊరి పెద్ద వ్యతిరేకంగా చెబితే కోపం వస్తుంది, నాలుగు రోజులకు పోతుంది. చేతుల్లో పెరిగిన మేనల్లుడు చెబితే అది పెళ్లిళ్లలోనూ కర్మల్లోనూ పదేళ్లపాటు గుర్తుకొస్తుంది.

అయితే ఇది మనసుకు సంబంధించిన కారణం మాత్రమే. అంతకంటే గట్టి కారణం ఆ కాగితంలోనే ఉంది.

చిన్న మామయ్య ప్లాస్టిక్ కవరులోంచి తీసి నా ముందు పెట్టింది నాలుగు మడతలు పడిన ఫుల్‌స్కేప్ కాగితం. అది తాతగారి సంతకంతో, ఇద్దరు కొడుకుల సంతకాలతో, కింద ఇద్దరు పెద్దమనుషుల సంతకాలతో ఉన్న పారీఖత్తు. స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అందులో "ఈ దిగువ వివరించిన ప్రకారము ఈ రోజున పంచుకొంటిమి" అని ఉంది. చదివేవారికి మామూలుగా కనిపించే ఆ వాక్యంలో పెద్ద చిక్కు ఉంది. కుటుంబసభ్యులు ముందే నోటిమాటగా పంచుకుని, ఆ జరిగినదాన్ని జ్ఞాపకార్థం తర్వాత రాసుకుంటే ఆ కాగితానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదని సుప్రీంకోర్టు 1976లోనే స్పష్టం చేసింది. ఆ కాగితం ద్వారానే పంపకం జరిగితే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లేకపోతే పంపకానికి రుజువుగా కోర్టు దాన్ని తీసుకోదు. "ఇదివరకు పంచుకొన్న ప్రకారం" అనడానికీ, "ఈ రోజున పంచుకొంటిమి" అనడానికీ మధ్య అంత తేడా ఉంది. ఆనాటి పెద్దమనుషులు మంచి మనసుతోనే రాయించారు. ఆ రాత ఏ కొడుక్కీ గట్టి రక్షణ ఇవ్వలేదు, దారి గురించి అందులో ఒక్క ముక్కైనా లేదు.

ఇక ఆ పొలంలో నాకున్న ప్రయోజనం సంగతి. మా అమ్మ ఆ ఇంటి ఆడపడుచు. ఆమె పెళ్లి 1985కు ముందే జరిగింది. ఆంధ్రప్రదేశ్ ఆ సంవత్సరం సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చినప్పుడు, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది. కనుక అమ్మకు వాటా లేదన్న లెక్కతోనే 1994లో పంపకం జరిగింది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను కదపకూడదని ఆ సవరణ చెప్పినా, పంపకమంటే రిజిస్టరైనదీ లేదా కోర్టు డిక్రీతో జరిగినదీ మాత్రమేనని అక్కడే వివరణ ఇచ్చింది. నోటిమాట పంపకాలను చాలా అరుదైన సందర్భాల్లో, ప్రభుత్వ రికార్డుల ఆధారం ఉంటేనే ఒప్పుకోవాలని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పొలం పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తే అయితే, నా ముందున్న ఆ కాగితం అమ్మ వాటాను తోసిపుచ్చగలదని ఎవరూ ధీమాగా చెప్పలేరు. అంటే నన్ను సమం చేయమన్న రెండు వాటాల పక్కన నేను ఎత్తని మూడో వాటా ఒకటుంది. అమ్మ దాన్ని కోరుకోలేదు. అయినా నేను కూర్చుని ఆ మాట ఎత్తకపోతే అమ్మకు అన్యాయం చేసినవాడినవుతాను, ఎత్తితే మధ్యవర్తి ముసుగులో వచ్చిన హక్కుదారుడినవుతాను. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం, తన నిష్పాక్షికత మీద సందేహానికి తావిచ్చే వ్యక్తిగత, ఆర్థిక సంబంధం ఏదున్నా మధ్యవర్తి మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా వెల్లడించాలంటుంది. మన ఇళ్లలో ఆడపడుచుల కొడుకులు, ఇంటి అల్లుళ్లు పెద్దమనుషులుగా కూర్చున్నప్పుడు ఈ వెల్లడి జరగడం నేనెక్కడా చూడలేదు.

ఆ కాగితం మీద సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు కాలం చేశారు. ఇంకొకరు వయసు మీద పడి మంచం మీదున్నారు. ఆయనే చాలా ఏళ్ల కిందట మరో కుటుంబం పంపకంలో ఇలాగే సంతకం చేసి, తర్వాత దావా పడితే సాక్షిగా బోనెక్కారు. అవతలి వకీలు అడిగిన మొదటి ప్రశ్న, "మీరు వాది భార్యకు అన్నగారే కదా?" అవునన్నాక ఆయన చెప్పిందంతా చెల్లెలి కోసం చెప్పిందే అయిపోయింది. రెండు వైపులా అన్నం తిన్న మనిషి కోర్టులో ఒకే వైపు సాక్షిగా మిగులుతాడు, ఎందుకంటే అతన్ని పిలిపించుకునేది ఎప్పుడూ ఒక పక్షమే.

వద్దనడంలో ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడి నుంచే. కూర్చోనని చెప్పి, ఒకరి దగ్గర రెండు గంటలు వినడం, "వాళ్ల ఉద్దేశం అదేం కాదులే" అని సర్దిచెప్పడం, ఒకరి మాటను రెండోవారికి చేరవేయడం, ఇవన్నీ పేరు లేని పెద్దరికమే. అందులో బాధ్యత ఉండదు, నింద మాత్రం పూర్తిగా ఉంటుంది. బలరాముడి కథలో నాకు ఎప్పుడూ కనిపించేది ఇదే. సుభద్రకు అన్నగా పాండవులకు బంధువు, గద నేర్పిన గురువుగా భీముడికీ దుర్యోధనుడికీ ఇద్దరికీ కావలసినవాడు. యుద్ధంలో ఏ పక్షానా ఉండనని తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. అక్కడిదాకా ఆ నిర్ణయంలో లోపం లేదు. నలభై రెండు రోజుల తర్వాత, సరిగ్గా శిష్యులిద్దరూ గదలు పట్టిన వేళకు తిరిగొచ్చి చూస్తూ కూర్చున్నాడు. భీముడు తొడ మీద కొట్టగానే నాగలి ఎత్తి మీదికి వెళ్లాడు, కృష్ణుడు పట్టుకుని ఆపవలసి వచ్చింది. తప్పుకున్నవాడు చివరి ఘట్టానికి ప్రేక్షకుడిగా వస్తే అంతకాలం తప్పుకున్న ఫలితం ఆ ఒక్క క్షణంలో పోతుంది.

అందుకే నేను కాగితం చదివిన రోజు సాయంత్రమే ఇద్దరికీ ఫోన్ చేశాను, అక్షరం మార్చకుండా ఒకే మాట చెప్పాను. "మీ ఇద్దరూ నాకు కావలసినవాళ్లు, పైగా ఆ పొలంతో అమ్మకు సంబంధం ఉంది. అందుకని నేను కూర్చోను. మీరిద్దరూ ఒప్పుకున్న బయటి మనిషి ఎవరైనా నాకు అభ్యంతరం లేదు. ఇదే మాట రెండోవారికీ చెబుతున్నాను." కాగితాన్ని ఫొటో తీసుకోకుండా తిరిగిచ్చేశాను. బయటి మనిషి పేరు కూడా నేను సూచించలేదు, సూచిస్తే ఆయన నా మనిషి అవుతాడు. ఫోన్ చేయడానికి ముందు అమ్మకు విషయమంతా చెప్పాను. ఆమె పేరెత్తుతున్నాను కాబట్టి అది ఆమె అనుమతితోనే జరగాలి.

దీనికి వెల లేకపోలేదు. "అంటే వాళ్ల పక్షమన్నమాట" అని అత్తయ్య అంది. మూడు నెలలు చిన్న మామయ్య నాతో ముక్తసరిగా మాట్లాడారు. ఆ మూడు నెలలూ నేను చేయగలిగిందల్లా ఇద్దరిళ్లకూ మునుపటిలాగే వెళ్లడం, పొలం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అదే వాక్యం చెప్పి మాట మార్చడం. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. తగాదాలో ఒకవైపు ముసలామెకు తిండి పెట్టకుండా చేస్తుంటేనో, చెయ్యి చేసుకునేదాకా వెళ్తేనో, నేను ఇరువైపులవాడినన్న సాకుతో పక్కన నిలబడే హక్కు నాకుండేది కాదు. అక్కడ కావలసింది పెద్దమనిషి కాదు, బాధపడుతున్నవారి పక్కన నిలబడే మనిషి. మా ఇంట్లో ఉన్నది భూమి గురించిన భేదం, రెండు వైపులా తమ మాట తాము చెప్పుకోగలిగినవారే ఉన్నారు.

చివరికి వాళ్లిద్దరూ సర్వేయర్ చేత కొలిపించుకుని, దావా వేయకముందే పరిష్కారం కోరుతూ మండల న్యాయ సేవా కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. ఆ కమిటీ నడిపే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీగా ఇచ్చిన అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. 1994 కాగితంలో లేని బలం దానికి ఉందన్నమాట. తూర్పు చెక్కలోంచి పన్నెండు అడుగుల దారి విడిచిపెట్టడానికి బావ ఒప్పుకున్నాడు, రోడ్డు ధర మాట మామయ్య వదులుకున్నారు. ఇద్దరూ ఏ మాట మీద మెత్తబడ్డారో నాకు తెలియదు, నేను అడగలేదు.

అవార్డు రాయబోయే ముందు బెంచి మీదున్నవారు, ఆ ఇంట్లో ఆడపిల్లలెవరైనా ఉన్నారా అని అడిగారట. అందుకని రెండో తారీఖుకు అమ్మను రమ్మన్నారు. వాటా కోరాలా, వదులుకోవాలా అని ఆమె నన్ను అడిగింది. వకీలు దగ్గరికి తీసుకెళ్లి, ఆమె హక్కేమిటో ఆయన నోటితోనే చెప్పించాను. ఆ రోజు బావ ఆమెను లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు, మామయ్య కుర్చీ జరిపారు. నేను బయట వరండాలోనే కూర్చున్నాను.