రిసార్ట్‌లో వారం కొన్నంత మాత్రాన అది మీ ఆస్తి కాదు

"4 లక్షలు కడితే రిసార్ట్‌లో ఏటా ఒక వారం 25 ఏళ్లు మీ సొంతం. ఇక హోటల్ ఖర్చు ఉండదు. కావాలంటే అమ్ముకోవచ్చు, పిల్లలకు ఆస్తిగా ఇవ్వచ్చు. ఆఫీసు బిల్డింగ్‌లో వాటా కొన్నా అంతే."

ఈ నెలలో ఈ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లంతా నా వాళ్లే, అందుకే రాస్తున్నాను.

ముందు "సొంతం" అన్న మాట సంగతి. కొన్న ఇంటి మీద హక్కు మీకు రావాలంటే సేల్ డీడ్ రిజిస్టర్ కావాలి. ఇలా రిసార్ట్‌లో ఏటా వారం కొనే టైమ్‌షేర్‌లో సాధారణంగా మీ చేతికి వచ్చేది మెంబర్‌షిప్ అగ్రిమెంట్. ఆ రిసార్ట్ సర్వే నంబరుతో ఈసీ తీయించండి, మీ పేరు ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉండదు. మీకు ఉన్నది గది వాడుకునే హక్కు, అదీ ఖాళీ ఉంటేనే. దాన్ని తాకట్టు పెట్టుకుని బ్యాంకు అప్పు ఇవ్వదు. కంపెనీ దివాలా తీస్తే ముందు బ్యాంకుల బాకీలు తీరుతాయి, మీరు వరుసలో వెనకాల నిలబడాలి. దీన్ని పిల్లలకిచ్చే ఆస్తి అని ఎలా అంటారు? వాళ్ల చేతికి వెళ్లేది మిగిలిన ఏళ్ల వాడకం, దానితోపాటు ఏటా మెయింటెనెన్స్ కట్టే బాధ్యత.

హోటల్ ఖర్చు ఉండదట. మా బావ ఒక మాల్‌లో ఉచిత డిన్నర్ కూపన్‌కు ఆశపడి వెళ్లి 4 లక్షలకు సంతకం పెట్టి వచ్చాడు. 25 ఏళ్లకు పంచితే ఏడాదికి 16,000. మెయింటెనెన్స్ 18,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 21,240. మొత్తం 37,240. ఆరు రాత్రులకు చూస్తే రాత్రికి 6,200 పైనే. తిండి వేరు, ప్రయాణం వేరు. వెళ్లని ఏడాది కూడా మెయింటెనెన్స్ కట్టాల్సిందే, అది పెరుగుతూనే ఉంటుంది. పిల్లల సెలవుల్లో రెండేళ్లు అడిగాడు, రెండుసార్లూ గదులు లేవన్నారు.

అమ్ముకోవడమా? కొనేవాడు దొరకాలిగా.

ఆఫీసు వాటా మాత్రం వేరే విషయం, ఇక్కడ మెసేజ్‌లో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. అద్దెలో వాటా నిజంగానే వస్తుంది. అయితే చాలా స్కీముల్లో బిల్డింగ్ ఒక కంపెనీ పేరున ఉంటుంది, మీ దగ్గరుండేవి ఆ కంపెనీ షేర్లో డిబెంచర్లో. అద్దెకున్నవాడు ఖాళీ చేస్తే ఆదాయం ఆగుతుంది. 2024 మార్చిలో సెబీ వీటిని చిన్న, మధ్య తరహా రీట్‌లుగా, అంటే చాలామంది డబ్బుతో బిల్డింగులు కొని అద్దె పంచే ట్రస్టులుగా, నియంత్రణలోకి తెచ్చింది, కనీస పెట్టుబడి 10 లక్షలు. కాబట్టి మీకు చెబుతున్న స్కీము సెబీ దగ్గర రిజిస్టర్ అయిందా అని ముందు అడగండి.

ఏటా ఒకే సీజన్‌లో, ఆరు నెలల ముందే బుక్ చేసుకుని తప్పకుండా వెళ్లే కుటుంబానికి టైమ్‌షేర్ కూడా గిట్టుబాటు కావచ్చు. మా పిన్ని వాళ్లకు అలాగే అయింది. బావ అగ్రిమెంట్‌లో రద్దు చేసుకోవడానికి పది రోజుల గడువు ఉంది. ఆ కాగితం ఆయన తెరిచి చదివింది మూడో నెలలో.