లోన్ యాప్ తీసేసి ఫోన్ ఫార్మాట్ కొడితే వాళ్ళ దగ్గరున్న మన డేటా పోదు

“లోన్ యాప్ వాళ్ళు టార్చర్ పెడుతున్నారా? టెన్షన్ పడకండి. వెంటనే యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి ఫోన్ ఫార్మాట్ కొట్టండి, సిమ్ మార్చేయండి. మీ కాంటాక్ట్స్, ఫోటోలు వాళ్ళ దగ్గర కూడా పోతాయి. డబ్బు కట్టక్కర్లేదు. అలో నొక్కింది మనమే కాబట్టి డేటా తీసేయమని అడిగే హక్కు మనకి లేదు, అడిగి టైమ్ వేస్ట్ చేసుకోకండి. పది మందికి షేర్ చేయండి.”

ఈ మెసేజ్ మా పాలకొల్లు గ్రూపుల్లోనే నాకు నాలుగుసార్లు వచ్చింది. నాది సెల్ షాపు. దీన్ని నమ్మి ఫోన్ ఫార్మాట్ కొట్టుకుని, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళని చూశాను. అప్పటికి చేతిలో ఒక్క ఆధారం కూడా మిగలదు, ఫోన్లు మాత్రం ఆగవు. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

ముందు ఫార్మాట్ సంగతి. యాప్‌కి కాంటాక్ట్స్ పర్మిషన్ ఇచ్చిన మరుక్షణమే అది మొత్తం లిస్టు చదివి వాళ్ళ సర్వర్‌కి పంపేయగలదు. వెయ్యి నంబర్లున్నా చిన్న ఫైలే, ఎక్కడానికి కొన్ని సెకన్లు చాలు. ఆ తర్వాత ఫోన్‌లో మీరేం చేసినా అక్కడున్న కాపీకి ఏమీ కాదు. కాలవ లాకు తలుపులు ఇప్పుడు దించితే ఇకమీదట రావలసిన నీళ్ళు ఆగుతాయి గానీ, కాలవలో దిగువకి పోయిన నీళ్ళు వెనక్కి రావు కదా. పర్మిషన్ తీసేయడమూ, యాప్ తీసేయడమూ అంతే, అవి కొత్త నంబర్లు, కొత్త ఫోటోలు పోకుండా ఆపుతాయి. అది తప్పకుండా చేయాల్సిందే. పాత కాపీని చెరిపించడం మాత్రం వేరే పని, అది ఫోన్‌లో జరిగేది కాదు. పైగా ఫార్మాట్ కొట్టాక గూగుల్ బ్యాకప్ నుంచి అన్నీ వెనక్కి తెచ్చుకుంటే, ప్లే స్టోర్‌లో దొరికే యాప్ అయితే అదీ మళ్ళీ దిగే అవకాశం ఉంది.

అసలు నష్టం ఇంకోటి. ఫార్మాట్‌తో వాళ్ళ దగ్గరున్న డేటా పోదు, మన దగ్గరున్న సాక్ష్యం పోతుంది. అప్పు ఇచ్చింది ఏ కంపెనీ, లోన్ నంబర్ ఎంత, ఒప్పందంలో ఏం రాశారు, యాప్ ఏయే పర్మిషన్లు తీసుకుంది, ఇవన్నీ ఆ యాప్‌లోనూ ఆ ఫోన్‌లోనూ ఉండేవే. అవి లేకుండా డేటా చెరపమని ఎవరికి రాస్తారు?

మా పిన్నిగారబ్బాయి సంగతి చెబుతాను, వాడిని అడిగే రాస్తున్నాను. భీమవరం పక్కన రొయ్యల చెరువు మీద పని చేస్తాడు. ప్లే స్టోర్‌లో ఉన్న ఒక యాప్‌లో 10,000 తీసుకున్నాడు, మూడు నెలల వాయిదాలు, చేతికి 8,700 వచ్చింది. ఈలోపు చెరువులో రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు తగిలి ముందే పట్టుబడి చేసేశారు, వీడి జీతం ఆగింది. ఆ వాయిదా కట్టడానికి మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి రెండో యాప్ దింపాడు. దాంట్లో 6,000 అని చూపించి 3,900 వేశారు, గడువు ఏడు రోజులు. ఆరో రోజు పొద్దున్నే ఫోన్లు మొదలు. ఏడో రోజుకి వాళ్ళ మేనత్తకి, చెరువు యజమానికి వాడి ఫోటో మీద దొంగ అని రాసి పంపారు. వాడు నా దగ్గరికి వచ్చి, “అన్నయ్యా, ఫార్మాట్ కొట్టెయ్, ఇక నా వల్ల కాదు” అన్నాడు. నేను కొట్టలేదు.

ముందు గంటసేపు కూర్చుని స్క్రీన్‌షాట్లు తీశాం. రెండు యాప్‌ల లోన్ పేజీ, ఒప్పందం, కట్టాల్సిన మొత్తం, బెదిరింపు మెసేజ్‌లు, కాల్స్ వచ్చిన నంబర్లు. సెట్టింగ్స్‌లో Apps, అందులో ఆ యాప్, అందులో Permissions అనే పేజీ. దాన్ని మార్చకముందే ఫోటో తీయాలి, ఎందుకో కింద చెబుతాను. అన్నీ నా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో వేశాం. మొదటి యాప్ ప్లే స్టోర్ పేజీ కూడా తీసుకున్నాం, అక్కడ తయారుచేసినవాళ్ళ పేరు, ఈమెయిల్ ఉంటాయి, Data safety అనే చోట డేటా తీసేయమని అడిగే లింకు కూడా ఉండొచ్చు.

అప్పుడు పర్మిషన్లు ఒక్కొక్కటే Don't allow చేశాం, కాంటాక్ట్స్, ఫోటోలు, ఎస్సెమ్మెస్, కాల్ లాగ్స్, లొకేషన్ అన్నీ. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫోటోలకి కొన్నిటికే అనుమతి ఇచ్చే ఆప్షన్ ఉంటుంది, అది కూడా వద్దు, పూర్తిగా తీసేయాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నోటిఫికేషన్లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ, వేరే యాప్‌ల మీద కనపడే అనుమతి ఈ లిస్టులో ఉండవు, సెట్టింగ్స్‌లో Special app access దగ్గరా, Accessibility దగ్గరా విడిగా చూడాలి. రెండో యాప్‌కి Uninstall బటన్ నొక్కుడు పడలేదు. అలా ఉందంటే చాలాసార్లు ఆ యాప్ డివైస్ అడ్మిన్‌గా, అంటే ఫోన్ మీద పెత్తనం తీసుకుని, కూర్చుని ఉంటుంది. సెట్టింగ్స్ సెర్చ్‌లో Device admin apps అని కొట్టి దాని టిక్ తీసేస్తే బటన్ పనిచేసింది. అప్పుడు Force stop నొక్కి, స్టోరేజ్ క్లియర్ చేసి, యాప్ తీసేశాం. ఐకాన్ కనపడకుండా దాక్కునే యాప్‌లు ఉంటాయి కాబట్టి హోమ్ స్క్రీన్ మీద కాదు, సెట్టింగ్స్‌లోని పూర్తి లిస్టులో వెతకండి. గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే myaccount.google.com/connections లో ఆ లింకు కూడా తెంపాలి.

సిమ్ మార్చడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాళ్ళు ఫోన్ చేసేది మీ మేనత్తకి, మీ యజమానికి. మీ నంబర్ మారితే వాళ్ళ నంబర్లు మారవు. బ్యాంకు ఓటీపీలు, ఆధార్, రేపు పోలీసుల దగ్గర పెట్టే ఫిర్యాదు అన్నీ ఆ పాత నంబర్ మీదే ఉంటాయి.

ఇప్పుడు అలో నొక్కాం కాబట్టి హక్కు లేదన్న మాట. ఈ మెసేజ్‌లో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే జనం అడగకుండా ఊరుకునేది దీని వల్లే. రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో ఇచ్చిన డిజిటల్ లెండింగ్ నియమాల్లో, మళ్ళీ 2025 మేలో ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. అప్పు యాప్ ఫోన్‌లోని ఫైళ్ళు, ఫోటోలు, కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కూడా కేవైసీ కోసం ఒక్కసారి, అదీ మన అనుమతితోనే. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు, డేటా చెరపమని అడగొచ్చు. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లో వ్యక్తిగత అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు చదవడాన్ని నిషేధించింది. అందుకే ఆ Permissions పేజీ ఫోటో తీయమన్నాను. అక్కడ కాంటాక్ట్స్ Allowed అని కనపడితే, నియమం దాటింది వాళ్ళు, మీరు కాదు.

అయితే ఈ హక్కు ఎవరి మీద పనిచేస్తుందో తెలుసుకోవాలి, దానికి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నియమాల ప్రకారం డబ్బు అప్పిచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఖాతా నుంచే నేరుగా మీ ఖాతాకి రావాలి. మావాడికి మొదటి అప్పు ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు మీద వచ్చింది, ఆ పేరు రిజర్వ్ బ్యాంక్ లిస్టులో ఉంది. రెండోది ఎవరో వ్యక్తి యూపీఐ నుంచి వచ్చింది. అక్కడితో దారులు రెండయ్యాయి.

కంపెనీకి, ఫిర్యాదులు చూసే అధికారి ఈమెయిల్‌కి ఇలా రాశాం: “నా లోన్ నంబర్ ఇది, నా ఫోన్ నంబర్ ఇది. కాంటాక్ట్స్, ఫోటోలు, ఎస్సెమ్మెస్, కాల్ లాగ్స్, లొకేషన్‌కి ఇచ్చిన అనుమతిని ఈ తేదీ నుంచి వెనక్కి తీసుకుంటున్నాను. వాటిలో మీరు, మీ యాప్ నడిపేవారు, మీ వసూలు ఏజెంట్లు ఉంచుకున్నది అంతా చెరపాలి. ఎవరెవరికి ఇచ్చారో పేర్లు తెలపాలి. చట్టప్రకారం ఉంచాల్సినవి ఏమిటో, ఏ చట్టం ప్రకారమో చెప్పాలి. చెరిపిన తేదీతో రాతపూర్వకంగా జవాబివ్వాలి.” కింద పర్మిషన్ పేజీ స్క్రీన్‌షాట్ జత చేశాం. ఆ “ఎవరెవరికి ఇచ్చారో” అన్న వాక్యం వదలకండి, ఎందుకంటే లిస్టు చాలాసార్లు ఏజెంట్ల దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

అన్నీ చెరపరు, అదీ తెలిసుండాలి. కేవైసీ కాగితాలు ఖాతా ముగిశాక కూడా 5 ఏళ్ళు, లావాదేవీల రికార్డులు ఆ లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 ఏళ్ళు ఉంచాలని మనీ లాండరింగ్ నిరోధక చట్టం చెబుతోంది. అప్పు వివరాలు సిబిల్ లాంటి సంస్థలకి వెళ్తాయి, అవీ పోవు. కాంటాక్ట్స్, గ్యాలరీ ఉంచుకోవడానికి మాత్రం అలాంటి సాకు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. మావాడికి పంతొమ్మిదో రోజున జవాబొచ్చింది, కాంటాక్ట్స్ తీసేశామని, కేవైసీ ఉంచామని. ఏజెంట్ల పేర్లు ఇవ్వలేదు, దాని మీద మళ్ళీ రాశాం.

రెండో యాప్‌వాడికి ఉత్తరం రాసి లాభం లేదు, వాడు ఎవరో తెలియదు, తెలిసినా చెరపడు. అక్కడ చేయగలిగింది 1930కి ఫోన్ చేసి cybercrime.gov.in లో ఆ స్క్రీన్‌షాట్లతో ఫిర్యాదు పెట్టడం, దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్ళడం, sachet.rbi.org.in లో అనుమతి లేని అప్పుల వ్యాపారమని తెలపడం. స్టేషన్‌లో మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అది పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది. అదే రోజు మావాడి చేత కాంటాక్ట్స్ అందరికీ ఒకే మెసేజ్ పెట్టించాం: “నా ఫోన్ నుంచి నంబర్లు దొంగిలించారు, నా పేరు మీద ఫోటోలు, డబ్బు అడిగే మెసేజ్‌లు వస్తే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, జవాబివ్వకండి.” సిగ్గుపడ్డాడు, రెండు గంటలు పట్టింది ఒప్పించడానికి. కానీ వాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం ఆ సిగ్గే కదా.

డబ్బు కట్టక్కర్లేదన్న మాట కూడా తేల్చేద్దాం. కంపెనీ అప్పు అప్పే, డేటా విషయంలో వాళ్ళు తప్పు చేశారని బాకీ మాఫీ కాదు. మావాడు మిగతా వాయిదాలు కంపెనీ ఖాతాకే నేరుగా కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకున్నాడు. రెండో యాప్‌కి మాత్రం నా దగ్గరికి రాకముందే గడువు పొడిగింపు అని 2,100 కట్టాడు. ఆ పూట ఫోన్లు తగ్గాయి, మర్నాటికల్లా మళ్ళీ మొదలు, బాకీ మాత్రం అదే 6,000. కట్టినా లిస్టు వాళ్ళ దగ్గరే ఉంది.

మూడు వారాల పాటు అప్పుడొకటి ఇప్పుడొకటి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. వచ్చినవి వచ్చినట్టు బంధువులు మావాడికి పంపారు, వాడు ఫిర్యాదులో జత చేశాడు. నాలుగో వారంలో ఆగాయి. కేసు ఇంకా నడుస్తోంది.