అత్తారింట్లో హాట్‌స్పాట్

భోగికి ముందురోజు సెలవు దొరకలేదు. అత్తారింటి నుంచే పని చేస్తానని మేనేజర్‌కి మాటిచ్చి, ముందురోజు రాత్రే బస్సెక్కి అమలాపురం దగ్గర మా అత్తారి ఊరికి దిగాను. వాళ్లింట్లో వైఫై లేదు. ఏముంది, ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుంటే సరిపోతుంది అనుకున్నాను. పదింటికి మీటింగు. తొమ్మిదింబావుకి వసారాలో ల్యాప్‌టాప్ తెరిచి హాట్‌స్పాట్‌కి కలిపాను, కలిసింది. బ్రౌజర్ తెరిస్తే ఏ పేజీ రాదు. కింద వైఫై గుర్తు మీద చూస్తే No internet, secured అని ఉంది. ఇంటర్నెట్ లేదు కానీ భద్రంగా ఉందట. తాళం వేసిన ఖాళీ బీరువా అన్నమాట.

మా మావగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు. "సిగ్నల్ అల్లుడుగారూ. డాబా మీదికెళ్లండి, కొబ్బరిచెట్టు పక్కన మొత్తం గీతలు వస్తాయి." నేను కూడా, బుద్ధి లేకుండా, ఫోన్ పట్టుకుని డాబా ఎక్కేశాను. గీతలు నిజంగానే అన్నీ వచ్చాయి. కిందకొచ్చి చూస్తే ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ నుంచే తెగిపోయి ఉంది. ఫోన్ నాతో డాబా మీదికి వచ్చేస్తే అది వసారాలో ఉండి ఎవరితో కలుస్తుంది?

సరే, డేటా అయిపోయిందేమో. నాది రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాను. కంపెనీ యాప్ తెరిచి చూస్తే ఒకటీ పాయింట్ మూడు జీబీ మిగిలే ఉంది. ఆ యాప్ తెరుచుకోవడమే సగం జవాబు అనుకోండి, అయినా కంగారులో అది తట్టదు. ఫోన్‌లో ఎప్పుడూ చూడని సైటు ఒకటి కొట్టి చూశాను, చూసిన సైటైతే పాత కాపీ చూపించి మోసం చేస్తుందని. టక్కున వచ్చింది. డేటా ఉంది. ఫోన్ సెట్టింగుల్లోకెళ్లి డేటా లిమిట్ ఏమైనా పెట్టుకున్నానా అని చూశాను, లేదు. హాట్‌స్పాట్‌కి విడిగా ఇంకో లిమిట్ ఉంటుంది కొన్ని ఫోన్లలో, ఇన్ని ఎంబీలు వాడగానే ఆపెయ్ అని. అదీ లేదు. డేటా సేవర్ ఆఫ్‌లోనే ఉంది.

ఈలోపు మా బావమరిది పళ్లు తోముకుంటూ వచ్చి, "బావా, రీస్టార్ట్ కొట్టావా?" అన్నాడు. కొట్టాను. రెండింటినీ, రెండేసిసార్లు. "అయితే ఫోనుదా ల్యాప్‌టాప్‌దా ముందు తేల్చు. అమ్మ ఫోన్ కలిపి చూడు" అని నురగతోనే చెప్పి బావి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల్లో నాకు రాని ఆలోచన. అత్తగారి ఫోన్‌లో ఆవిడ డేటా ఆపేసి నా హాట్‌స్పాట్‌కి కలిపాను. అరిసెల పాకం వీడియో ఫుల్ సౌండుతో మొదలైంది. అంటే హాట్‌స్పాట్ దివ్యంగా ఉంది, తప్పంతా ల్యాప్‌టాప్‌ది. ఆవిడ ఫోన్ ఆవిడకిచ్చేసి ల్యాప్‌టాప్ మీద పడ్డాను. ఫోన్ అయితే ఇచ్చాను గానీ హాట్‌స్పాట్ నుంచి తీసి ఇవ్వలేదు. దాని సంగతి తర్వాత.

ఈసారి బుద్ధిగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టాను:

```
ping 8.8.8.8
ping google.com
```

మొదటిదానికి నాలుగు జవాబులూ వచ్చాయి. రెండోదానికి could not find host అంది. ఇక్కడ వెలిగింది నాకు. అంకెలతో పిలిస్తే బయటికి దారి ఉంది, పేరుతో పిలిస్తే లేదు. అంటే పేరుని అంకెలుగా మార్చి చెప్పే డీఎన్ఎస్ దగ్గరే చిక్కు. బ్రౌజర్ కూడా ఇందాకట్నుంచీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో DNS_PROBE అంటూ మొత్తుకుంటూనే ఉంది, చదివిందెవరు?

ipconfig /all కొడితే డీఎన్ఎస్ సర్వర్ 192.168.1.10 అని చూపించింది. ఆ నంబరు చూడగానే నా మొహం మాడిపోయింది. అది కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో టీవీ వెనకాల దుమ్ము కొట్టుకుని ఉండే చిన్న డబ్బా. ప్రకటనలు రాకుండా అడ్డుకుంటుందని ఆర్నెల్ల కిందట నేనే పెట్టి, ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్ ఆ డబ్బానే అడగాలని చేత్తో రాసిపెట్టాను. పక్కదారిలో తప్పించుకోకుండా ఐపీవీ6 టిక్కు కూడా తీసేశాను, అంత శ్రద్ధ. ఇంట్లో ఉన్నన్నాళ్లూ బంగారంలా నడిచింది. అయితే వైఫైలో Hardware properties కింద పెట్టిన డీఎన్ఎస్ ఆ ఒక్క ఇంటికే కాదు, ఏ వైఫైకి కలిసినా అదే వర్తిస్తుంది. కాబట్టి పాపం నా ల్యాప్‌టాప్ కోనసీమలో కూర్చుని, ప్రతి సైటు అడ్రసూ కూకట్‌పల్లి డబ్బాని అడుగుతోంది. పక్కనే ఉన్న ఫోన్ "నన్నడుగు, నేను చెప్తా" అంటున్నా వినదు, వినొద్దని నేనే చెప్పాను మరి.

DNS server assignment అనే చోట Edit నొక్కి, Manual తీసి Automatic (DHCP) పెట్టాను. సేవ్ కొట్టిన క్షణంలో పేజీలు బిలబిలా వచ్చేశాయి. తొమ్మిదీ యాభై రెండు. "మావయ్యగారూ, సిగ్నల్ కాదండీ, డీఎన్ఎస్!" అన్నాను గర్వంగా. "అదే నేనూ అన్నది" అన్నారాయన.

మీటింగు పదీ నలభై దాకా హాయిగా సాగింది. నేను స్క్రీన్ షేర్ చేసే వంతు వచ్చేసరికి గొంతులు గరగరలాడాయి, తర్వాత నేనే బయటికి పడ్డాను. పేజీలు మళ్లీ రావట్లేదు. మళ్లీ డీఎన్ఎస్సేనా అని చెయ్యి సెట్టింగుల మీదికి పోయింది కానీ, ఈసారి రోగం వేరుగా కనిపించింది. ఇందాక పేరే దొరకలేదని మొహం మీద చెప్పింది. ఇప్పుడు అలా చెప్పదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఓ నిమిషం తర్వాత బొమ్మలు లేని సగం పేజీ వస్తుంది. ఫోన్‌లో కూడా అంతే. చూస్తే మెసేజ్ వచ్చి ఉంది, ఇవాళ్టి డేటా నూరు శాతం అయిపోయింది, ఇక వేగం 64 కేబీపీఎస్ అని. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. రెండు ఎంబీల పేజీ ఒకటి రావాలంటే నాలుగు నిమిషాల పైమాటే.

ఒకటీ పాయింట్ మూడు జీబీ గంటలోపే ఎవరు మింగారు? ల్యాప్‌టాప్‌లో చూస్తే విండోస్ అప్‌డేట్ నిశ్చింతగా దిగుతోంది, ఆర్నెల్ల ఆకలి ఉన్నట్టు. ఫోన్ హాట్‌స్పాటని దానికేం తెలుసు, ఇంటి వైఫై అనుకుంది. ఆ నెట్‌వర్క్ మీద Metered connection ఆన్ చేసి ఉంటే చాలావరకు ఆగేది. చేశాను, అయిపోయాక. మిగతా వాటా ఎవరిదో అని హాట్‌స్పాట్‌కి ఎవరెవరు కలిసున్నారో చూస్తే మూడు పరికరాలు. ఒకటి నాది. ఒకటి బావమరిదిది, పాస్‌వర్డ్ ఎప్పుడు చూశాడో నాకు తెలియదు.

మేనేజర్‌కి మామూలు ఫోన్ కాల్ చేసి, నెట్ సమస్య, మాటతోనే వివరిస్తానని బతిమాలుతున్నాను. అప్పుడే వంటింట్లోంచి అత్తగారి గొంతు.

"బాబూ, పాకం ఉండ కట్టే ముందే మీ వైఫై ఆగిపోయిందయ్యా. కాస్త చూస్తావా?"