మొదటి ఓట్లు ఎక్కువొచ్చిన సినిమా ఎలా ఓడిపోతుంది?

ప్రతి ఏడాదీ ఆస్కార్లు ప్రకటించిన మర్నాడు ఒకటే గొడవ. అందరికీ నచ్చిన సినిమాని వదిలేసి దీనికెలా ఇచ్చారు, డబ్బులు పెట్టి కొనేశారు అంటారు. ప్రచారానికి స్టూడియోలు బాగానే ఖర్చు పెడతాయి, అది నిజమే. కానీ ఉత్తమ చిత్రం విషయంలో అసలు మలుపు ఓట్లు లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

నటుడు, దర్శకుడు, ఎడిటింగ్ లాంటి మిగతా విభాగాల్లో మనకు తెలిసిన లెక్కే. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే విజేత. ఉత్తమ చిత్రానికి మాత్రం ఆస్కార్లు ఇచ్చే అకాడమీ సభ్యుడు ఒక్క పేరుకి టిక్ పెట్టి ఊరుకోడు, నామినేట్ అయిన పది సినిమాలకీ 1 నుంచి 10 దాకా ర్యాంకులు ఇస్తాడు. 2010లో జరిగిన వేడుక కోసం నామినేషన్లను ఐదు నుంచి పదికి పెంచినప్పుడు ఈ పద్ధతిని మళ్లీ తెచ్చారు. పది సినిమాల మధ్య ఓట్లు చీలిపోయి, నూటికి పదిహేను మంది కూడా కోరుకోని సినిమా గెలిచే ప్రమాదం ఉంటుంది కదా, అందుకని.

ఊహకి ఒక లెక్క వేద్దాం. వంద మంది ఓటర్లు, నాలుగు సినిమాలు. మొదటి ర్యాంకు 'ఎ'కి 38 మంది, 'బి'కి 27, 'సి'కి 20, 'డి'కి 15 మంది ఇచ్చారు. మామూలు లెక్కయితే 'ఎ' గెలిచేసినట్టే. ఇక్కడ సగానికి మించి రావాలి, అంటే 51. ఎవరికీ రాలేదు కాబట్టి అందరికంటే వెనకున్న 'డి'ని తీసేసి, ఆ 15 బ్యాలెట్లలో రెండో ర్యాంకు ఎవరికి ఇచ్చారో చూస్తారు. తొమ్మిది 'బి'కి, నాలుగు 'సి'కి, రెండే 'ఎ'కి వెళ్లాయనుకోండి. ఇప్పుడు 'ఎ' 40, 'బి' 36, 'సి' 24. తర్వాత 'సి' పోతుంది. దాని 24 బ్యాలెట్లలో 16 'బి'కి, 8 'ఎ'కి చేరితే 'బి' 52, 'ఎ' 48. మొదటి రౌండులో పదకొండు ఓట్లు వెనకున్న సినిమా చివరికి స్టేజి ఎక్కుతుంది.

'ఎ'కి జరిగిందేమిటి? దాన్ని ప్రేమించినవాళ్లు విపరీతంగా ప్రేమించారు, మిగతావాళ్లు అట్టడుగున పడేశారు. 'బి' మీద ఎవరికీ పెద్దగా కోపం లేదు. ప్రేక్షకులుగా మనం ఇష్టాన్ని తీవ్రతతో కొలుస్తాం, పదిసార్లు చూశాం, ఏడ్చాం, ఈలలు వేశాం అని. ఆ తీవ్రతంతా ఈ లెక్కలోకి ఒక్క ఓటుగానే వస్తుంది.

అకాడమీ ఓట్ల సంఖ్యలు ఎప్పుడూ బయటపెట్టదు కాబట్టి ఫలానా ఏడాది ఇలాగే జరిగిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఒక ఆనవాలు ఉంది. అదే సభ్యులు దర్శకుడిని మామూలు లెక్కతో, చిత్రాన్ని ర్యాంకులతో ఎన్నుకుంటారు. 2013 నుంచి 2022 దాకా జరిగిన పది వేడుకల్లో ఆరింటిలో ఈ రెండు అవార్డులూ వేర్వేరు సినిమాలకు వెళ్లాయి. 2022నే తీసుకోండి. పన్నెండు నామినేషన్లున్న 'ది పవర్ ఆఫ్ ది డాగ్'కి దర్శకత్వం అవార్డు ఒక్కటే దక్కింది. మూడే నామినేషన్లున్న 'కోడా' ఆ మూడూ గెలుచుకుంది, ఉత్తమ చిత్రంతో సహా. మొదటిది నెమ్మదిగా నడిచే సినిమా, నచ్చనివాళ్లు గట్టిగానే విసుక్కున్నారు. 'కోడా'ని తిట్టినవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు. ర్యాంకుల లెక్క ఇందులో పనిచేసిందనే నా నమ్మకం. అయితే తర్వాత 2023, 24, 25 మూడేళ్లూ రెండు అవార్డులూ ఒకే సినిమాకు వెళ్లాయి. అంటే అందరికీ నచ్చిన సినిమా ఉంటే ఏ పద్ధతిలో లెక్కపెట్టినా అదే గెలుస్తుంది, పోటీ బిగుసుకున్నప్పుడే పద్ధతి ఫలితాన్ని మారుస్తుంది.

పోనీ ప్రేక్షకులకే ఓటు ఇచ్చేస్తే? అదీ చేసి చూశారు. 2022లోనే ట్విట్టర్‌లో అభిమానుల ఓటింగ్ పెట్టారు, ఒక్కొక్కరు రోజుకి ఇరవై సార్లు వేయొచ్చు. 'ఆర్మీ ఆఫ్ ది డెడ్' గెలిచింది. ఆ ఏడాది ప్రపంచమంతా ఎక్కువగా ఇష్టపడిన సినిమా అదేనంటే నేను ఒప్పుకోను. అక్కడ గెలిచింది ఓపిగ్గా, ఒక్కటిగా కూర్చుని హ్యాష్‌ట్యాగులు కొట్టిన అభిమానులు. ర్యాంకుల పద్ధతిలో తీవ్రతకి విలువ తక్కువ, ఇక్కడ తీవ్రత తప్ప ఇంకేమీ లెక్కలోకి రాలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రం చూడకుండా ఓటేయడం. పదింటిలో ఆరు సినిమాలే చూసిన సభ్యుడు మిగతా నాలుగింటినీ కిందకి తోసేసినా, అసలు ర్యాంకే ఇవ్వకపోయినా నష్టపోయేది ప్రచారానికి డబ్బుల్లేని చిన్న సినిమానే. 2026 వేడుక నుంచి ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే అందులో తుది ఓటు అని నియమం పెట్టారు. అకాడమీ సొంత స్ట్రీమింగ్‌లో చూస్తే రికార్డు ఉంటుంది. థియేటర్లోనో ఇంకెక్కడో చూశానంటే మాత్రం సభ్యుడు ఒక ఫారం నింపి ఇస్తే చాలు, ఆ మాట నమ్మాల్సిందే.